పక్కవారి బ్రాండు పేరు వాడకుండా సరుకును నిజాయితీగా వివరించడం: విశాఖపట్నం ఆన్‌లైన్ అమ్మకందారులకు తరచుగా అడిగే ప్రశ్నలు

పూర్ణా మార్కెట్‌లో కుక్కర్, మిక్సీ విడిభాగాలు అమ్మేవారి నుంచి ఇంట్లో బ్యాగులు కుట్టి అమ్మే మహిళల వరకు, ఆన్‌లైన్‌లో సరుకు పెట్టే చాలామందికి ఒకే చిక్కు ఎదురవుతోంది. తమ వస్తువు పేరున్న ఒక కంపెనీ వస్తువుకు సరిపోతుంది, లేదా దాన్ని పోలి ఉంటుంది. ఆ సంగతి చెప్పకపోతే కొనేవారికి తెలియదు, చెబితే లిస్టింగ్ తీసేస్తారేమోనన్న భయం. ఆ చిక్కుకు సంబంధించిన ప్రశ్నలకు ఇక్కడ సమాధానాలు ఇస్తున్నాను. ఉదాహరణల్లో బ్రాండు పేరు రావలసిన ప్రతిచోటా ‘ఫలానా’ అని రాశాను. కోర్టు తీర్పు ప్రస్తావన వచ్చిన చోట మాత్రం అసలు పేరే ఉంది.

మా వస్తువు నిజంగానే ఆ కంపెనీ వస్తువుకు సరిపోతుంది. నిజం చెబితే తప్పేమిటి?

నిజం చెప్పడం తప్పు కాదు. భారతదేశపు ట్రేడ్ మార్క్స్ చట్టం, 1999 కూడా అలా అనదు. ఆ చట్టంలోని సెక్షన్ 30(2)(డి) విడిభాగాలు, యాక్సెసరీలు అమ్మేవారి కోసమే ఉంది. ఒక వస్తువు మరో వస్తువులో భాగంగానో, దానికి తోడుగానో అమరేలా తయారైనప్పుడు, ఆ సంగతి తెలియజేయడానికి రెండో వస్తువు బ్రాండు పేరు వాడవచ్చు. అయితే దానికి రెండు షరతులు ఉన్నాయి. ఒకటి, ఆ పేరు వాడటం సహేతుకంగా అవసరమై ఉండాలి. రెండు, మీకూ ఆ కంపెనీకీ లేని వ్యాపార సంబంధం ఉన్నట్టు చూపించడం మీ ఉద్దేశమూ కాకూడదు, మీరు రాసిన దాని ఫలితమూ కాకూడదు.

అమ్మకందారులు సాధారణంగా రెండో షరతు గురించే ఆలోచిస్తారు. ‘మేము ఆ కంపెనీ వాళ్ళం కామని కింద రాశాం కదా’ అంటారు. చిక్కు ఎక్కువగా మొదటి షరతు దగ్గరే వస్తుంది. ఆ పేరు లేకుండా కొనేవారికి విషయం తెలియజేసే మార్గం ఉందా లేదా అన్నదే అసలు ప్రశ్న. మార్గం ఉంటే ఆ పేరు అవసరం కాదు, కేవలం ఆకర్షణ.

అవసరం, ఆకర్షణ అన్న తేడాను కోర్టులు నిజంగా చూశాయా?

చూశాయి. అదీ మన వంటింటి వస్తువు విషయంలోనే. ప్రెషర్ కుక్కర్ గ్యాస్కెట్లు తయారు చేసే ఒక సంస్థ తన సొంత బ్రాండు పేరుతోనే గ్యాస్కెట్లు అమ్ముతూ, ప్యాకెట్ మీద ‘హాకిన్స్ ప్రెషర్ కుక్కర్లకు సరిపోతుంది’ అనే అర్థం వచ్చే మాటలు ముద్రించింది. మిగిలిన మాటలన్నీ నల్ల అక్షరాల్లో, హాకిన్స్ అన్న పేరు మాత్రం ఎర్ర అక్షరాల్లో ఉన్నాయి. హాకిన్స్ కుక్కర్స్ వేసిన ఈ దావాను మొదట ఏకసభ్య న్యాయమూర్తి అంగీకరించలేదు. 2012లో ఢిల్లీ హైకోర్టు డివిజన్ బెంచ్ మాత్రం హాకిన్స్ పక్షాన తీర్పు ఇచ్చింది.

ఈ తీర్పులో మనం పట్టుకోవలసిన అంశం ఇది. ఆ గ్యాస్కెట్ ఒక్క కంపెనీ కుక్కర్ కోసమే పుట్టింది కాదు. అదే కొలత ఉన్న ఏ కుక్కర్‌కైనా సరిపోతుంది. అలాంటప్పుడు ఒక్క కంపెనీ పేరునే ఎంచుకుని రాయడం సహేతుకంగా అవసరం కాదని బెంచ్ అభిప్రాయపడింది. ఆ పేరు ఒక్కటే కొట్టొచ్చినట్టు కనబడేలా ముద్రించిన తీరు కూడా ప్రతివాదికి కలిసి రాలేదు. వాక్యం అక్షరాలా నిజమే అయినా ఆ పేరుకు అక్కడ అవసరమైన పని లేకపోయింది. ఆన్‌లైన్ టైటిల్ రాసే ప్రతి విడిభాగాల వ్యాపారీ ఈ ఒక్క తీర్పును గుర్తు పెట్టుకుంటే చాలావరకు దారి తప్పడని నా నమ్మకం.

అయితే కుక్కర్ గ్యాస్కెట్‌కు టైటిల్ ఎలా రాయాలి? ఒక ఉదాహరణ చూపించగలరా?

పూర్ణా మార్కెట్‌లోని ఒక విడిభాగాల దుకాణం టైటిల్ ఇలా ఉందనుకుందాం: ‘ఫలానా 5 లీటర్ల కుక్కర్ గ్యాస్కెట్, ఒరిజినల్ క్వాలిటీ, 2 పీసులు’. ఇందులో మొదటి మాటే పక్కవారి బ్రాండు. సెర్చ్ ఫలితాల్లో టైటిల్ మొదటి కొన్ని మాటలే కనబడతాయి కనుక, ఫోను తెరమీద చూసినవారు ఇది ఆ కంపెనీ గ్యాస్కెట్టేనని అనుకుంటారు. ‘ఒరిజినల్ క్వాలిటీ’ అన్న మాట ఆ అపోహను ఇంకా గట్టిపరుస్తుంది. ఇక ‘5 లీటర్లు’ అన్నది నిజమే అయినా దానితో కొనేవారికి పని జరగదు. ఒకే 5 లీటర్ల కుక్కర్ పొడుగ్గానూ ఉండవచ్చు, వెడల్పుగానూ ఉండవచ్చు, దాన్నిబట్టి మూత వ్యాసం మారిపోతుంది. అంటే ఈ టైటిల్ బ్రాండు పేరు అరువు తెచ్చుకుంది గానీ, గ్యాస్కెట్ పడుతుందో లేదో తేల్చే సమాచారం మాత్రం ఇవ్వలేదు.

ఇప్పుడు గ్యాస్కెట్‌ను కొలుద్దాం. కొత్త రింగును సాగదీయకుండా బల్లమీద చదునుగా పరచాలి. స్కేలుతో బయటి అంచు నుంచి ఎదుటి బయటి అంచుకు ఒకసారి అడ్డంగా, ఒకసారి నిలువుగా కొలిచి, రెండూ ఒకటేనని చూసుకోవాలి. అదే విధంగా లోపలి వ్యాసమూ కొలవాలి. తరువాత రబ్బరు మందం చూడాలి. చివరగా, ఇది కుక్కర్ లోపలికి దింపి బిగించే మూతకు పనికొచ్చే రకమా, పైనుంచి బోర్లించి తిప్పే మూతకు పనికొచ్చే రకమా అన్నది తేల్చాలి. ఈ రెండు రకాల్లో గ్యాస్కెట్ కూర్చునే చోటు వేరు కనుక వ్యాసం దగ్గరగా ఉన్నా ఒకదాని రింగు మరొకదానికి పనికిరాదు.

మన ఉదాహరణలో బయటి వ్యాసం 200 మిల్లీమీటర్లు వచ్చిందనుకుందాం. కొత్త టైటిల్ ఇలా ఉంటుంది: ‘ప్రెషర్ కుక్కర్ గ్యాస్కెట్, లోపలి మూత రకం, బయటి వ్యాసం 200 మి.మీ., నల్ల రబ్బరు, 2 రింగులు’. చివర మీ దుకాణం పేరు పెట్టుకోవచ్చు. ఇంగ్లీషులో టైపు చేసేటప్పుడూ ఇదే వరుస పాటించండి: ముందు వస్తువు, తరువాత రకం, ఆ తరువాత కొలత, చివరికి రంగూ సంఖ్యా.

వివరణలో ఇంకొంచెం విస్తరించాలి. ‘మీ పాత గ్యాస్కెట్ బయటి వ్యాసాన్ని సాగదీయకుండా కొలవండి. చాలాకాలం వాడిన రబ్బరు సాగిపోయి గానీ గట్టిపడి గానీ ఉంటుంది కనుక, గ్యాస్కెట్ కూర్చునే మూత భాగాన్ని కూడా కొలిచి సరిచూడండి’ అని రాయండి. దానికి తోడు స్కేలు పక్కన పెట్టి తీసిన ఒక ఫొటో జత చేయండి. కొలత తప్పిన గ్యాస్కెట్ వేస్తే అంచు నుంచి ఆవిరి కారుతుంది, ప్రెషర్ నిలవదు, విజిల్ రాదు. ఆ లక్షణాలు కనబడితే వాడకం ఆపి వస్తువు తిరిగి పంపమని కూడా చెప్పండి. బ్రాండు పేరు తీసేశామని కొనేవారికి సమాచారం తగ్గలేదు, ఇంతకు ముందుకన్నా పెరిగింది.

ట్యాగులు కొనేవారికి కనబడవు కదా. అక్కడ పేరు పెడితే ఎవరికి నష్టం?

కనబడకపోవడం వల్ల తప్పు ఒప్పు కాదు. ట్యాగ్ చేసే పని ఒక్కటే, ఎవరో ఒక మాట వెతికినప్పుడు మీ వస్తువును వారి ముందుకు తేవడం. ఫలానా కంపెనీ పేరు వెతుకుతున్నవారిని మీ వైపు మళ్ళించడానికే ఆ ట్యాగ్ పెట్టారన్న సంగతి దాని ఉనికిలోనే ఉంది. వెబ్‌సైట్ల వెనుక దాగి ఉండే మెటా ట్యాగుల్లో పక్కవారి మార్కులు వాడటం మీద మన కోర్టుల్లో పలు వివాదాలు నడిచాయి.

గూగుల్ ప్రకటనల కీవర్డుల విషయంలో ఢిల్లీ హైకోర్టు డివిజన్ బెంచ్ 2023లో కాస్త సూక్ష్మమైన అభిప్రాయం చెప్పింది. పక్కవారి మార్కును కీవర్డుగా వాడినంత మాత్రాన అది దానంతటదే ఉల్లంఘన కాదని, అయితే దానివల్ల గందరగోళం కలిగినా, ఆ మార్కు పేరుప్రతిష్ఠలను అన్యాయంగా వాడుకున్నా బాధ్యత తప్పదని ఆ తీర్పు సారాంశం. దీన్ని చూపించి కొందరు ‘ట్యాగుల్లో ఏమైనా పెట్టుకోవచ్చు’ అని సలహా ఇస్తుంటారు. ఆ సలహా సరైనది కాదు. ఆ తీర్పు డబ్బు చెల్లించి వేసే ప్రకటనల సందర్భంలోది. పైగా మీరు అమ్మే వేదికకు దాని సొంత నిబంధన వేరే ఉంటుంది. బ్యాక్ ఎండ్ సెర్చ్ పదాల్లో బ్రాండు పేర్లు పెట్టవద్దని అమెజాన్ అమ్మకందారులకు స్పష్టంగా చెబుతుంది. చేతిపని వస్తువులు ఎక్కువగా అమ్మే ఎట్సీ కూడా మేధో సంపత్తి ఫిర్యాదు వస్తే లిస్టింగ్ తొలగిస్తుంది, ఫిర్యాదులు పదేపదే వస్తే దుకాణాన్నే మూసివేయవచ్చు. కోర్టు దాకా వెళ్ళకముందే మీ వ్యాపారం ఆగిపోయేది వేదిక నిబంధన దగ్గరే.

మరి ట్యాగుల్లో ఏమి పెట్టాలి? చోటు మిగిలిపోతోంది.

ఎట్సీలో ఒక లిస్టింగ్‌కు 13 ట్యాగులు, ఒక్కో ట్యాగుకు గరిష్ఠంగా 20 అక్షరాలు ఇస్తారు. ఆ పదమూడూ నింపాలన్న ఆత్రంలోనే చాలామంది బ్రాండు పేర్లు దించుతారు. నింపడానికి సరుకు మీ వస్తువులోనే ఉంది. కొనేవారు ఆ వస్తువును ఎన్ని పేర్లతో పిలుస్తారో ఆలోచించండి. మనవాళ్ళు గ్యాస్కెట్‌ను ‘కుక్కర్ రబ్బరు’ అంటారు, ‘కుక్కర్ రింగు’ అంటారు, ‘మూత రబ్బరు’ అంటారు, ‘వాషరు’ అని కూడా అంటారు. ఒక్కొక్కటీ ఒక ట్యాగే. ఆ తరువాత కొలత, మూత రకం, పదార్థం, సంఖ్య వస్తాయి. వాడుకలోని ఇబ్బందిని పట్టిచ్చే మాటలు కూడా పనికొస్తాయి. ‘కుక్కర్ ఆవిరి లీకు’ అని వెతికే మనిషికి కావలసింది సరిగ్గా మీ వస్తువే.

బ్రాండు పేరు రాయక తప్పని వస్తువులు ఉండవా?

ఉంటాయి. ఫోను బ్యాక్ కవర్ అందుకు సరైన ఉదాహరణ. కెమెరా రంధ్రం ఎక్కడుంది, పక్క బటన్లు ఏ ఎత్తులో ఉన్నాయి అన్నది మోడల్‌ను బట్టి మారుతుంది. జగదాంబ జంక్షన్ దగ్గర దుకాణంలో అయితే కొనేవారు ఫోను తీసి కవర్‌లో పెట్టి చూసుకుంటారు. ఆన్‌లైన్‌లో ఆ వీలు లేదు, మిల్లీమీటర్లలో కెమెరా రంధ్రం కొలతలు ఇస్తే ఎవరూ పోల్చుకోలేరు. ఇక్కడ మోడల్ పేరు లేకుండా విషయం చెప్పడం అసాధ్యం కనుక, సెక్షన్ 30(2)(డి)లోని అవసరం నిజంగా ఉంది. ఒక్క కంపెనీ యంత్రానికే పట్టే ప్రింటర్ ఇంకు కార్ట్రిడ్జ్, ప్రత్యేకమైన బిగింపు ఉన్న స్మార్ట్ వాచ్ పట్టీ కూడా ఇదే కోవలోకి వస్తాయి. గ్యాస్కెట్లలోనూ ఒక్క మోడల్‌కే పట్టే విచిత్రమైన ఆకారం ఉన్నది ఏదైనా ఉంటే, దాని సంగతి మామూలు గుండ్రటి రింగు సంగతి లాంటిది కాదు.

అయితే పేరు ఎక్కడ, ఎలా రాయాలన్నది అప్పుడు కూడా ముఖ్యమే. వేదిక ‘సరిపోయే మోడళ్ళు’ అని ప్రత్యేకమైన గడి ఇస్తే, పేరుకు అసలు చోటు అదే. టైటిల్‌లో కూడా రాయక తప్పదనుకుంటే, వేదిక నిబంధన అందుకు ఒప్పుకుంటుందో లేదో ముందు చూసుకుని, వస్తువు పేరు ముందు పెట్టి, ‘కంపాటిబుల్ విత్’ అన్న మాట తరువాత మాత్రమే మోడల్ పేరు రాయండి. ‘ఫలానా కవర్’ అని రాస్తే కవర్ ఆ కంపెనీదని అర్థం వస్తుంది. ‘సిలికాన్ బ్యాక్ కవర్, ఫలానా 12కు కంపాటిబుల్’ అని రాస్తే ఆ అర్థం రాదు. పేరును ఒక్కసారే, మిగిలిన అక్షరాల పరిమాణంలోనే, మిగిలిన వాటి రంగులోనే రాయాలి. లోగో ఎప్పుడూ వాడకూడదు, ఎందుకంటే సరిపోతుందని చెప్పడానికి పేరు చాలు, లోగోతో పని ఉండదు.

లిస్టింగ్‌లో ‘బ్రాండు’ అన్న గడిలో మీ సొంత బ్రాండు రాయండి. లేకపోతే అమెజాన్ లాంటి చోట ‘జెనెరిక్’ అని పెట్టండి. ఫలానా కంపెనీ పేరు ఆ గడిలో పెట్టడం అన్నిటికన్నా పెద్ద పొరపాటు. అది పోలిక చెప్పినట్టు కాదు, తయారీదారు ఎవరన్న ప్రశ్నకు తప్పు జవాబు ఇచ్చినట్టు.

‘మాకు ఆ కంపెనీతో సంబంధం లేదు’ అని కింద రాస్తే సరిపోదా?

రాయండి, రాయడం మంచిదే. ‘ఈ కవర్‌ను మేము తయారు చేశాము. ఫలానా సంస్థ దీన్ని తయారు చేయలేదు, ఆమోదించలేదు’ అన్న రెండు వాక్యాలు వివరణ మొదట్లో, చదివేవారి కంటబడే చోట ఉండాలి. కానీ టైటిల్‌లో చేసిన తప్పును అడుగున రాసిన వాక్యం కడిగేయదు. కొనేవారు చూసేది టైటిల్, ఫొటో, ధర. వివరణ చివరి దాకా చదివేవారు తక్కువ. టైటిల్ సరిగ్గా ఉన్నప్పుడే ఈ వాక్యానికి బలం.

మాది విడిభాగం కాదు, బ్యాగులు కుడతాము. ఫలానా కంపెనీ బ్యాగు తరహాలో ఉందని చెప్పాలంటే ఎలా?

ఇక్కడ సెక్షన్ 30(2)(డి) మీకు అండగా రాదు. మీ బ్యాగు ఆ కంపెనీ బ్యాగులో భాగం కాదు, దానికి తోడూ కాదు. ‘ఫలానా స్టైల్’, ‘ఫలానా మోడల్’, ‘ఇన్‌స్పైర్డ్’ అన్న మాటలకు అవసరం అనే సమర్థన ఉండదు. ‘ఫస్ట్ కాపీ’, ‘రెప్లికా’, ‘7ఏ క్వాలిటీ’ అన్నవైతే నకిలీ సరుకు అమ్ముతున్నామని మీరే ఒప్పుకుంటున్న మాటలు. నకిలీ మార్కుతో సరుకు అమ్మడం సివిల్ తగాదాతో ఆగదు. సెక్షన్ 104 కింద ఆరు నెలల నుంచి మూడేళ్ళ దాకా జైలు, యాభై వేల నుంచి రెండు లక్షల రూపాయల దాకా జరిమానా ఉన్న నేరం అది.

ఇక పరిష్కారం. ‘ఫలానా స్టైల్’ అని మీరు అనాలనుకున్నప్పుడు, అందులో మీ కంటికి నచ్చినది ఏమిటో మీకు మీరే అడిగి చూడండి. ఎంవీపీ కాలనీలో ఇంటినుంచి బ్యాగులు కుట్టే ఒక మహిళ ఉన్నారనుకుందాం. ఆమె చేతిలో ఉన్న నల్ల బ్యాగు మీద దూది పొర పెట్టి వజ్రాకారపు గళ్ళలో కుట్టు వేశారు. భుజానికి వేసుకునే గొలుసు మధ్యలో తోలు పట్టీ అల్లారు. ముందు మూత అయస్కాంతపు బటన్‌తో మూసుకుంటుంది. అంతా కలిపి అడ్డంగా 24 సెంటీమీటర్లు ఉంది. అయితే టైటిల్ ‘డైమండ్ క్విల్టెడ్ స్లింగ్ బ్యాగ్, గొలుసు పట్టీ, నలుపు, 24 సెం.మీ., చేతికుట్టు’ అని ఉండాలి. ట్యాగుల్లో ‘పార్టీ స్లింగ్ బ్యాగ్’, ‘చెయిన్ బ్యాగ్’, ‘క్విల్టెడ్ పర్సు’, ‘పెళ్ళి కానుక బ్యాగ్’ అన్నవి వస్తాయి. తరహాను కాలంతో చెప్పవచ్చు, కుట్టుతో చెప్పవచ్చు, ఆకారంతో చెప్పవచ్చు, వాడే సందర్భంతో చెప్పవచ్చు. ఇవన్నీ ఎవరి సొత్తూ కాని మాటలు.

ఒక హెచ్చరిక కూడా అవసరం. పేరు తీసేసినంత మాత్రాన నకలు శుద్ధి కాదు. బ్యాగు ఆకారం, దానిమీది నమూనా, కుట్టు అలంకారం లాంటివి డిజైన్స్ చట్టం, 2000 కింద నమోదై ఉండవచ్చు. ఆ రక్షణ మొదట పదేళ్ళు, పొడిగిస్తే మరో అయిదేళ్ళు ఉంటుంది. కొన్ని నమూనాలు స్వయంగా ట్రేడ్ మార్కులే. తాళపు ఆకారమో, బట్టంతా అచ్చేసిన గుర్తుల వరుసో ఒక కంపెనీని వెంటనే గుర్తుకు తెస్తుంటే, దానికి ఏ టైటిల్ పెట్టినా ప్రయోజనం లేదు, వస్తువునే మార్చాలి.

పేరు స్పెల్లింగ్ కొంచెం మార్చి, లేదా తెలుగు లిపిలో రాస్తే?

కుదరదు. ఒక అక్షరం తీసేయడం, మధ్యలో చుక్క పెట్టడం, చివర ‘టైప్’ తగిలించడం లాంటివి చేస్తే మీ ఉద్దేశం ఇంకా బయటపడుతుంది. మార్కుల పోలికను కంటికి కనబడే తీరుతో పాటు చెవికి వినబడే తీరుతోనూ చూస్తారు. మాటలతో కూడిన మార్కును నోటితో పలకడం కూడా ఉల్లంఘన కావచ్చని ట్రేడ్ మార్క్స్ చట్టంలోని సెక్షన్ 29(9) చెబుతుంది. తెలుగులో రాసినా పలికేది ఆ పేరే.

జిరాక్స్, వెల్క్రో లాంటివి అందరూ వాడే మాటలే కదా?

మాటల్లో అందరం వాడుతాం. వీధి చివర ‘జిరాక్స్ షాపు’ అని బోర్డు లేని ఊరు లేదు. అయినా అవి కంపెనీల ట్రేడ్ మార్కులే, కంపెనీలు వాటిని కాపాడుకుంటూనే ఉన్నాయి. వాటి బదులు ‘ఫొటోకాపీ’, ‘హుక్ అండ్ లూప్ పట్టీ’ అని రాయండి. అనుమానం వస్తే ipindia.gov.in లోని ట్రేడ్ మార్క్ పబ్లిక్ సెర్చ్‌లో ఆ మాటను, మీ సరుకు ఏ క్లాసులోకి వస్తుందో ఆ క్లాసును ఇచ్చి ఉచితంగా చూసుకోవచ్చు. బట్టలు 25వ క్లాసు, తోలు బ్యాగులు 18వ క్లాసు, నగలు 14వ క్లాసు, ఆట బొమ్మలు 28వ క్లాసు. మీ క్లాసులో కనబడలేదు కదా అని బాగా పేరున్న మార్కును వాడుకోవద్దు. పేరుప్రతిష్ఠలున్న మార్కుకు వేరే రకం సరుకు మీద కూడా సెక్షన్ 29(4) రక్షణ ఇస్తుంది.

ఏటికొప్పాక, ఉప్పాడ లాంటి ఊరి పేర్లు బ్రాండ్లు కావు. వాటిని ట్యాగుల్లో పెట్టవచ్చా?

సరుకు అక్కడిదే అయితే గర్వంగా పెట్టండి, కాకపోతే పెట్టవద్దు. ఏటికొప్పాక బొమ్మలకు, ఉప్పాడ జాందానీ చీరలకు భౌగోళిక గుర్తింపు ఉంది. ఆ పేర్లు ఒక కంపెనీ సొత్తు కావు గానీ, ఆయా ఊళ్ళలో ఆ పని చేసేవారందరి ఉమ్మడి సొత్తు. ఏటికొప్పాక బొమ్మ అంకుడు కర్రతో తయారవుతుంది. తిరుగుతున్న కర్రకు లక్కను ఒత్తి, ఆ వేడికి కరిగించి రంగు పట్టిస్తారు. ఆ రంగులు గింజలు, బెరడు, వేర్ల నుంచి తీస్తారు. వేరెక్కడో మిషను మీద తిప్పి రసాయన రంగు పూసిన బొమ్మకు ‘ఏటికొప్పాక స్టైల్’ అని ట్యాగ్ పెడితే, బీచ్ రోడ్డులో ఆ బొమ్మలు కొని మురిసిపోయిన మనిషిని మోసం చేయడమే కాక, వరాహ నది ఒడ్డున ఆ పని నమ్ముకున్న కుటుంబాల కూడు లాక్కున్నట్టే. దానికి ‘రంగుల చెక్క బొమ్మ, గుండ్రటి అంచులు, మిషను పని’ అని రాయవచ్చు, అది నిజమూ అవుతుంది.

ఇదే వరుసలో ఐఎస్ఐ గుర్తును కూడా గుర్తు చేయాలి. లైసెన్సు లేకుండా ఆ గుర్తు వేయడం, ‘ఐఎస్ఐ క్వాలిటీ’ అని రాయడం బీఐఎస్ చట్టం, 2016కు విరుద్ధం.

ఆ కంపెనీ అసలు సరుకునే కొని తిరిగి అమ్ముతున్నాం. అప్పుడు పేరు రాయవచ్చా?

రాయవచ్చు. అసలు సరుకును చట్టబద్ధంగా కొని, దాని స్థితి మార్చకుండా అమ్ముతున్నప్పుడు ఆ పేరు సరుకు నిజమైన పేరే. కానీ ‘అధీకృత డీలర్’ అనే మాట రాతపూర్వకమైన ఒప్పందం ఉంటేనే వాడాలి. కొనుగోలు బిల్లులు దాచుకోండి, ఫిర్యాదు వస్తే వేదిక మొదట అడిగేది వాటినే.

ఫొటోల్లో లోగో కనబడితే సమస్యా?

మీ గ్యాస్కెట్‌ను మూతలో అమర్చి తీసిన ఫొటోలో పిడి మీద కంపెనీ పేరు పెద్దగా కనబడితే, టైటిల్ నుంచి తీసేసిన పేరు వెనుక దారిన తిరిగి వచ్చినట్టే. మూతను తిప్పి, పేరు లేని వైపు నుంచి తీయండి. ఫోను కవర్ అయితే లోగో కనబడని కోణంలో, లేదా ఫోను లేకుండా కవర్ ఒక్కదాన్నే తీయండి. కంపెనీ వెబ్‌సైట్‌లోని ఫొటోలు వాడటం కాపీరైటుకు సంబంధించిన మరో తప్పు.

బ్రాండు పేరు తీసేస్తే చూసేవారు తగ్గరా?

మొదట తగ్గవచ్చు. ఫలానా కంపెనీ అసలు గ్యాస్కెట్టే కావాలని వెతికినవారు ఇక మీ దగ్గరికి రారు. కానీ వారు మీ సరుకు కొనడానికి వచ్చినవారు కారు. అపోహతో కొన్న కొందరు సరుకు చేతికి అందాక తిప్పి పంపుతారు, తక్కువ రేటింగ్ ఇస్తారు, తిరుగు రవాణా ఖర్చు మీ నెత్తిన పడుతుంది. కొలత వెతికి వచ్చిన మనిషి మాత్రం కావలసినదేమిటో తెలిసి వస్తాడు. నా దృష్టిలో ఇది నష్టం లేని మార్పు కాదు గానీ, చేయదగ్గ మార్పు.

ఇప్పటికే ఫిర్యాదు వచ్చి లిస్టింగ్ తీసేశారు. ఇప్పుడేం చేయాలి?

అదే లిస్టింగ్‌ను కొత్త ఖాతాలోనో, మార్చిన స్పెల్లింగుతోనో మళ్ళీ పెట్టకండి. వేదిక పంపిన సందేశంలో ఏ మార్కు గురించి, ఏ చోట వాడినందుకు ఫిర్యాదు వచ్చిందో చదవండి. టైటిల్‌లోనో ట్యాగులోనో అనవసరంగా వాడిన మాట నిజమైతే, మిగిలిన లిస్టింగులన్నిటిలోనూ ఆ పేరు వెతికి ముందు తీసేయండి, ఆ తరువాత సరిదిద్దిన సంగతి వేదికకు రాయండి. మీరు అవసరమైన మేరకే, సరిపోయే మోడల్ పేరుగా రాశారని నమ్మితే, లిస్టింగ్ ఫొటో, కొలతలు, తయారీ బిల్లులు జతచేసి అభ్యంతరం చెప్పుకోవచ్చు. కంపెనీ లాయరు నుంచి నోటీసు వస్తే మాత్రం సొంతంగా జవాబు రాయవద్దు, ట్రేడ్ మార్కు కేసులు చూసే న్యాయవాదిని కలవండి. కొన్ని పరిమితులకు లోబడి, మార్కు యజమాని తాను వ్యాపారం చేసే ఊరి కోర్టులోనే దావా వేసే వీలును ట్రేడ్ మార్క్స్ చట్టంలోని సెక్షన్ 134 ఇస్తుంది. అంటే గాజువాకలో ఉన్న మీరు మరో రాష్ట్రంలోని కోర్టుకు జవాబు చెప్పవలసి రావచ్చు.

కొనేవారే చాట్‌లో ‘ఇది మా ఇంట్లో ఉన్న ఫలానా కుక్కర్‌కు పడుతుందా అండీ?’ అని అడిగితే ఏమి చెప్పాలి?

అడిగిన దానికి నిజం చెప్పండి. ఆ పేరు మీరు తేలేదు, వారే తెచ్చారు. ఒక మనిషి అడిగిన ప్రశ్నకు జవాబు చెప్పడం వేరు, ఆ పేరుతో అందరినీ పిలవడం వేరు. అయినా మోడల్ పేరు ఒక్కటే నమ్మి ‘పడుతుంది’ అనకండి. ఒకే పేరుతో పాత మోడలు, కొత్త మోడలు ఉండవచ్చు. ‘మూత లోపలికి దిగే రకమా, పైన కూర్చునే రకమా చెప్పండి. పాత రబ్బరు బయటి అంచు నుంచి బయటి అంచుకు ఎన్ని సెంటీమీటర్లుందో కొలిచి పంపండి, చూసి చెబుతాను’ అని రాయండి. వారు 20 సెంటీమీటర్లు, లోపలికి దిగే మూత అని పంపితే అప్పుడు పడుతుందని చెప్పండి. 22 అని పంపితే ఈ రింగు పట్టదని, ఆ కొలతది మీ దగ్గర ఉంటే దాని లింకు పంపండి.